బోటి నుంచి సాసేజ్ తొడుగు దాకా

కాటారం వైపు యాట కోసిన రోజు బోటికే పని ఎక్కువ. పేగులను తిరగేసి, వేడినీళ్లు పోసి, లోపలి జిగురు గీకి, ఉప్పూ పసుపూ పట్టించి కడిగితే గానీ కూరకు పనికిరాదు. సాసేజ్ మీది సహజ తొడుగు కూడా ఈ పేగే. తేడా అంతా ఎంతవరకు గీకుతారన్నదాంట్లో ఉంది. పేగు గోడకు నాలుగు పొరలుంటాయి. బోటిలో జిగురు పొర పోయినా కండ నిలుస్తుంది, నమలడానికి పని చెప్పేది అదే. గొర్రె, పంది పేగుతో తొడుగు చేసేవాళ్లు కండనూ పైపొరనూ కూడా తీసేసి, జిగురు పొర కిందుండే పలచని పొర ఒక్కటే మిగుల్చుతారు. అది చాలావరకు కొల్లాజెన్ అల్లిక. దాన్ని ఉప్పులో నిల్వ ఉంచి, వాడేముందు కడిగి గోరువెచ్చని నీళ్లలో నానబెడతారు. సరిగా నానకపోతే కూరేటప్పుడు చిట్లుతుంది.

జంతువు పేగులోనో పొట్టలోనో కూరి వండే పద్ధతి చాలా పాతది. మేక పొట్టలో నెత్తురూ కొవ్వూ నింపి కాల్చడం హోమర్ ‘ఒడిస్సీ’లోనే కనిపిస్తుంది. చిక్కు వచ్చింది యంత్రాలతో. గొర్రె పేగు లావు సుమారు 16 నుంచి 28 మిల్లీమీటర్ల దాకా మారుతుంది, పైగా వంకరగా ఉంటుంది. ఫ్యాక్టరీకి ఒకే కొలత కావాలి. 1920లలో అమెరికాలో సెల్యులోజ్ గొట్టం వచ్చింది, కానీ అది తినేది కాదు. సాసేజ్ ఉడికాక ఒలిచేస్తారు. ‘స్కిన్‌లెస్’ అని అమ్మేవి ఎక్కువగా ఇలాంటివే.

ఒకే కొలతలో ఉండి, తినడానికీ పనికొచ్చే తొడుగు కోసం 1930లలో జర్మనీవాళ్లు తోలు పరిశ్రమ వైపు చూశారు. పశువు చర్మంలో పైపొర చెప్పులకు పోగా, మిగిలిన లోపలి పొరలో కావలసినంత కొల్లాజెన్ ఉంది. దాన్ని శుద్ధిచేసి, ఆమ్లంలో ఉబ్బించి, ముద్ద చేసి, సన్నని వలయాకారపు సందులోంచి గొట్టంలా నెట్టి ఆరబెడతారు. అంటే ఇది రసాయన ప్లాస్టిక్ కాదు, పేగులో ఉన్న పదార్థమే చర్మం నుంచి తీసి మళ్లీ గొట్టంగా పోసినది. ఆపరేషన్ కుట్లకు పేగు దారం చేసిన అనుభవమున్న జాన్సన్ అండ్ జాన్సన్ కూడా తర్వాత ఈ రంగంలోకి దిగింది.

తినొచ్చా? గొర్రె, పంది పేగు తొడుగులను నిక్షేపంగా తినొచ్చు. సన్నని కొల్లాజెన్ తొడుగునూ తినొచ్చు. లావుపాటి సలామీల మీది మందపు కొల్లాజెన్‌ను మాత్రం ఒలవాలి. సహజమైనది కాస్త వంగి, అక్కడక్కడ సన్నని నరాల జాడతో ఉంటుంది. కొరికితే టక్కుమంటుంది. కొల్లాజెన్‌ది తిన్నగా, ఒకే లావున ఉంటుంది. పెద్ద మంట మీద పెడితే పగులుతుంది. రుచికి నా ఓటు గొర్రె పేగుకే.

అయితే మనవాళ్లకు అసలు ప్రశ్న వేరు. లోపల కోడిమాంసమే ఉన్నా, కొల్లాజెన్ తొడుగు తరచుగా గొడ్డు చర్మంతోనో, కొన్నిసార్లు పంది చర్మంతోనో చేసినదై ఉంటుంది. ప్యాకెట్ మీది గోధుమరంగు గుర్తు మాంసాహారమని చెబుతుంది తప్ప ఏ జంతువుదో చెప్పదు. పట్టింపు ఉన్నవాళ్లు పదార్థాల జాబితా చూసి, అక్కడా తేలకపోతే తయారీదారును అడిగి కొనండి.