పంచరత్నాలు నేను చదవనన్న పెళ్లి

ఒరే అబ్బాయ్, ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి, పొగంతా ఇటే కొడుతోంది. నీ స్నేహితుడి సంగీత్‌లో మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పమన్నారట కదా. అప్పట్నుంచీ నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదని మీ అమ్మ చెప్పింది. ఇదేదో మీ కాలంలో పుట్టిన బాధ అనుకోకు. మా రోజుల్లోనూ పెళ్లికొడుకు స్నేహితుడు లేచి నిలబడాల్సిందే. అప్పుడు చదివే పద్యాలని పంచరత్నాలనేవారు.

1960ల్లో మన తునిలో కాస్త చదువుకున్నవాడి పెళ్లంటే స్నేహితులంతా తలో రూపాయీ వేసుకుని అయిదు పద్యాలు అచ్చు వేయించేవారు. గులాబీరంగు కాగితం, చుట్టూ లతల అంచు, పైన వినాయకుడు. మొదటి పద్యం దేవుడికి, తర్వాతవి వధూవరుల గుణాలకీ రెండు వంశాలకీ, చివరిది ఆశీర్వచనం. అడుగున స్నేహితుల పేర్లు. తలంబ్రాలు అయ్యాక, విస్తళ్లు వెయ్యకముందు, ఒకడు లేచి వాటిని మైకులో చదివేవాడు. కాగితాలు పందిట్లో పంచిపెట్టేవారు. ఒకటి ఫ్రేము కట్టించి పెళ్లికొడుక్కి ఇచ్చేవారు. అది ఆ ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉండేది.

నా ప్రాణస్నేహితుడి పెళ్లి ఏటికి అవతల, పాయకరావుపేటలో కుదిరింది. అప్పట్లో తాండవ దాటితే అది విశాఖ జిల్లా. మనకి జిల్లా వేరైనా ఊరు ఒకటే. లగ్నాలు పెట్టుకున్న సాయంత్రం వాడే మా ఇంటికొచ్చి, "పద్యాలు నువ్వే చదవాలిరా" అన్నాడు. పద్యమంటే నాకు ప్రాణమని వాడికి తెలుసు. వీధరుగు మీద కూర్చుని తిరుపతి వేంకట కవుల నాటకాల్లో పద్యాలు వాడికి ఎన్నిసార్లు వినిపించేనో లెక్క లేదు. కానీ నలుగురి ముందు నిలబడితే నాకేమవుతుందో వాడెప్పుడూ చూడలేదు. నాలుక పిడచకట్టుకుపోతుంది. అరచేతులు చల్లబడతాయి. మోకాళ్లు కాదు, ముందు వేళ్లు వణుకుతాయి. చేతిలో కాగితముంటే ఆ వణుకు మైకులో గరగరమని వినిపిస్తుంది. అన్నిటికన్నా కష్టం ఊపిరి. అది పొట్టదాకా దిగదు, గొంతు దగ్గరే ఆడుతుంది. డాక్టర్లు దీన్ని అడ్రినలిన్ అని చెబుతారు. పరిగెత్తడానికి పనికొచ్చేదే అది, పద్యానికి మాత్రం పనికిరాదు.

పద్యానికి ఎందుకు పనికిరాదో విను. వచనమైతే ఒక మాట మింగేసినా ఎవరికీ తెలీదు. శార్దూలం ఉందనుకో, పాదానికి 19 అక్షరాలు, యతి 13వ అక్షరం దగ్గర. అక్కడిదాకానో, లేకపోతే మాట విరిగే చోటుదాకానో ఊపిరి నిలవాలి. అయిదు వృత్తాలంటే 20 పాదాలు. ఊపిరి ఆడనివాడు ఏడో అక్షరం దగ్గరే ఆగిపోతాడు. మాట మధ్యలో తెగుతుంది, అర్థం విరిగిపోతుంది. ఒక్క అక్షరం జారినా నడక కుంటుతుంది. ఆ రోజుల్లో పందిట్లో తెలుగు మేష్టర్లుండేవారు, నాటకాల్లో వేషాలు కట్టినవాళ్లుండేవారు. వాళ్ల చెవికి అది వెంటనే తగిలేది. పెళ్లికూతురి తండ్రి పేరున్న పాదంలో అక్షరం పోయిందంటే ఆ పెద్దమనిషికి ఎలా ఉంటుంది చెప్పు?

అందుకని వాడు అడిగిన ఆ పూటే చెప్పేశాను. "నేను చదవలేనురా. జనం ముందు నిలబడితే నాకు గొంతు రాదు. పద్యాలు నేను రాస్తాను, చదవడం మాత్రం వద్దు" అన్నాను. వాడు ఊరుకున్నాడా? "అయిదు నిమిషాలే కదా, నేను పక్కనే కూర్చుని ఉంటాను, మనవాళ్లే కదా" అన్నాడు. అందరూ ఇలాగే బతిమాలతారు, ప్రేమతోనే. ఇక్కడే చాలామంది "చూద్దాంలే" అనేస్తారు. పెళ్లివారి దగ్గర "చూద్దాంలే" అంటే ఒప్పుకున్నట్టే లెక్క. నేను కారణం మళ్లీ పెంచి చెప్పలేదు. కారణం పెంచితే వాళ్లు ఒక్కోదానికీ ఒక్కో ఉపాయం చెబుతారు. "చదవలేనురా, రాసి ఇస్తాను" అని అదే మాట మళ్లీ అన్నాను. వాడు కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత, "సీసం ఒకటి ఉండాలి మరి" అన్నాడు. దాంతో సగం పని అయిపోయింది.

మిగతా సగం వాళ్ల నాన్నగారు. పెళ్లికొడుక్కి చెప్పి ఊరుకుంటే చాలదు. మధ్యలో ఇంకొకరి నోట ఆ మాట ఇంటికి చేరితే "మావాడి పెళ్లంటే వీడికి చులకన" అన్న అర్థం పడుతుంది. మర్నాడు నేనే వెళ్లి, "బాబాయిగారూ, నాకు సభాకంపం ఉందండీ. వాడి మీద ప్రేమ తక్కువై కాదండీ" అని చెప్పాను. జ్వరమనీ గొంతు పట్టిందనీ అనలేదు. వేరే పెళ్లిలో ఒకతను గొంతు పోయిందని తప్పించుకుని, బంతిలో కూర్చున్నాక పక్కవాళ్లతో గట్టిగా కబుర్లు చెప్పడం నేను చూశాను. ఆ పెళ్లికొడుకు అది చాలాకాలం మనసులో పెట్టుకున్నాడు. చదవనన్నందుకు అతనికి కోపం రాలేదు, అబద్ధం చెప్పినందుకు వచ్చింది.

చెప్పడానికీ ఒక వేళ ఉంది. అప్పుడు అచ్చాఫీసులో అక్షరం అక్షరం చేత్తో పేర్చేవారు. "చదివినవారు" అని నా పేరు కంపోజయ్యి కాగితాలు అచ్చయ్యాక కాదన్నాననుకో, తప్పు పేరున్న కాగితం గోడకెక్కుతుంది. ప్రూఫు రాకముందే చెప్పబట్టి ఆ చోట మరొకరి పేరు హాయిగా పడింది. ఆయన మా తెలుగు మేష్టారు. మంచి గాత్రం. నేను నాలుగు వృత్తాలూ ఒక సీసమూ రాసి, ఆయన దగ్గర కూర్చుని ఊపిరి ఎక్కడ తీసుకోవాలో సన్నగా గీతలు పెట్టించుకున్నాను. పెళ్లినాడు నేను జనంలో కూర్చుని విన్నాను. సీసానికి "వన్స్ మోర్" అన్నారు. ఆ మాటలు నావి, గొంతు ఆయనది.

గాంధీగారికీ ఇదే జరిగింది, తెలుసా? ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో వెంట్నర్ అనే ఊళ్లో శాకాహారం గురించి మాట్లాడమని పిలిచారు. కాగితం నిండా కూడా లేని ఉపన్యాసం రాసుకుని వెళ్లారు. లేచి నిలబడితే కళ్లు మసకబారి, ఒళ్లు వణికింది. చివరికి మజ్ముదార్ అనే మిత్రుడు దాన్ని చదివి వినిపించాడు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు ఈ సంగతి. అలా నిలబడి కూలబడినప్పుడు మనిషికి ఎంత సిగ్గు వేస్తుందో చదివితే తెలుస్తుంది. ముందే చెప్పుకుంటే ఆ సిగ్గు తప్పుతుంది. అవతలివాళ్లకీ ఇబ్బంది తప్పుతుంది.

నీ సంగతికొద్దాం. మీకు అచ్చాఫీసు లేదు గానీ యాంకరుంటుంది. ఎవరి తర్వాత ఎవరని ఒక జాబితా ఉంటుంది. అందులో నీ పేరు ఎక్కకముందే నువ్వు చెప్పాలి. మెసేజీ పెట్టకు, ఫోన్ చేసి నోటితో చెప్పు. పెళ్లికొడుక్కి చెప్పాక, ఆ యాంకరుకీ చెప్పమను. లేకపోతే ఆవిడ జనంలోంచి నీ పేరు పిలుస్తుంది, పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కిస్తారు. అప్పుడు కాదనడం మరీ కష్టం. నీ మాటలు కాగితం మీద రాసివ్వు. చదవడానికి మీలో గొంతున్నవాడెవడో ఉంటాడుగా. వాడిని నువ్వే అడిగి పెట్టు, ఆ బరువు పెళ్లికొడుకు మీద వెయ్యకు. వాడి నాన్నగారికి నేను ఫోన్ చేస్తానులే, ఆయన నాకు ఎరికే. నువ్వు మాత్రం రేపు పొద్దున్నే వాడితో మాట్లాడు.