మరాఠీలో వచ్చే పరీక్షల సర్క్యులర్: గడువు, శిక్ష తెలుగులో తప్పు లేకుండా రాసుకోవడం ఎలా?

కాకినాడలో జేఎన్‌టీయూ పరీక్షల నోటీసు ఇంగ్లిష్‌లో వస్తుంది కాబట్టి పిల్లలు ఎలాగోలా చదువుకుంటారు. అదే అబ్బాయి సోలాపూర్‌లోనో, పుణేలోనో డిగ్రీలో చేరితే ఫోన్‌కు వచ్చే ‘పరిపత్రక్’ మరాఠీలో ఉండొచ్చు. సర్క్యులర్‌కు అక్కడి మాట అది. ఇంగ్లిష్ ప్రతి కూడా ఉందేమో ముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వెతకాలి. లేకపోతే తెలుగులో రాసుకోక తప్పదు.

మరాఠీలో సంస్కృతం మాటలు, ఫార్సీ మాటలు రెండూ ఉంటాయి. ముదత్, అర్జ్, మంజూర్, గైర్‌హజర్ లాంటివి ఉర్దూ వచ్చినవాళ్లకు చూడగానే తెలిసిపోతాయి. చిక్కంతా తెలిసినట్టు కనిపించే మాటలతోనే. ‘శిక్షా’ అంటే హిందీలో చదువు, మరాఠీలో మాత్రం తెలుగులో లాగే శిక్ష. అందుకే ‘శిక్షా సూచీ’ని సిలబస్ అనుకుని పక్కన పెట్టేస్తే శిక్షల పట్టికే చదవకుండా పోతుంది. ‘దండ్’ అంటే ఇక్కడ డబ్బు రూపంలో కట్టే జరిమానా. ‘సంధీ’ అంటే అవకాశం. ‘సదర్’ అన్న మాట చూసి అధ్యక్షుడు అనుకోవద్దు, ‘పైన చెప్పిన’ అని దాని అర్థం.

ఇక గడువు. ఒక నమూనా తీసుకుందాం. పరీక్ష ఫారం ‘విలంబ్ శుల్కాశివాయ్’ అక్టోబర్ 10 నుంచి 19 ‘పర్యంత్’, ‘విలంబ్ శుల్కాసహ’ 20 నుంచి 24 పర్యంత్, ‘అతివిలంబ్ శుల్కాసహ’ 25 నుంచి 27 పర్యంత్ అని ఉందనుకోండి. మొదటి రెండిటికీ తేడా మాట చివర్లోనే ఉంది. ‘శివాయ్’ అంటే లేకుండా, అంటే మన ఉర్దూ ‘సివా’యే. ‘సహ’ అంటే కలిపి. కాబట్టి తెలుగులో ఇలా రాయాలి: 19వ తేదీతో కలిపి ఆలస్య రుసుము లేదు, 20 నుంచి 24 వరకు ఆలస్య రుసుముతో, 25 నుంచి 27 వరకు ఇంకా ఎక్కువ ఆలస్య రుసుముతో. ‘పర్యంత్’ అంటే ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది. ‘19 పూర్వీ’ అని ఉంటే మాత్రం 18నే ముగించాలి. రుసుము పక్కన ‘ప్రతిదిన్’ ఉంటే రోజుకు అంత చొప్పున పెరుగుతుంది. ఆ ఒక్క మాట వదిలేస్తే ఇంట్లోవాళ్లు తక్కువ డబ్బు పంపుతారు.

ఇలాంటి సర్క్యులర్‌లో ఇంకో తేదీ కూడా ఉంటుంది: కాలేజీ ఆ ఫారాలను యూనివర్సిటీకి అందజేయాల్సిన తేదీ. ‘మహావిద్యాలయానే’ అని మొదలయ్యే వాక్యం కాలేజీది, ‘విద్యార్థ్యానే’ అని ఉంటే విద్యార్థిది. కాలేజీ తేదీ సాధారణంగా తర్వాత వస్తుంది. అదే తన గడువు అనుకున్న విద్యార్థికి కౌంటర్ దగ్గర చుక్కెదురవుతుంది. ఈ రెండు తేదీలనూ ఒకే వాక్యంలో కలపకూడదు, ఎవరిది ఏదో విడిగా రాయాలి.

అంకెలు కూడా చూసుకోవాలి. దేవనాగరిలో ఒకటి, తొమ్మిది ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాట్సాప్‌లో పదిసార్లు తిరిగిన మసక ఫోటోలో 11ను 19గా చదవడం ఏమంత కష్టం కాదు. పక్కన వారం పేరు ఉంటే క్యాలెండర్‌తో సరిచూస్తే తప్పు దొరికిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం శిక్షల దగ్గర. కాపీ కొట్టడం, ఫోన్ దగ్గర పెట్టుకోవడం లాంటివాటిని ‘గైర్‌ప్రకార్’ అంటారు. దాని ఎదురుగా ‘సంపాదణూక్ రద్ద్’ అని ఉంటుంది. సంపాదన అనుకునేరు! పరీక్షలో విద్యార్థి రాసింది, తెచ్చుకున్న మార్కులు అని అర్థం. దీన్ని ‘పరీక్ష రద్దు’ అని తెలుగులో రాస్తే పరీక్ష అందరికీ వాయిదా పడిందేమో అనుకుంటారు. ‘ఆ విద్యార్థి రాసింది లెక్కలోకి రాదు’ అని రాయాలి. దాని ముందు ‘సంబంధిత్ విషయాచీ’ ఉంటే ఆ ఒక్క సబ్జెక్టే పోతుంది. ‘సంపూర్ణ’ ఉంటే ఆ పరీక్షలో రాసిన సబ్జెక్టులన్నీ పోతాయి, బాగా రాసినవి కూడా. వెనుక ‘వ పుఢీల్ ఏక్ పరీక్షా’ అని తగిలిస్తే తర్వాతి పరీక్షకూ కూర్చోనివ్వరు. దాన్ని ‘ఒక సంవత్సరం’ అని రాయకూడదు. సెమిస్టర్ పద్ధతిలో తర్వాతి పరీక్ష సుమారు ఆరు నెలలకే రావచ్చు. ‘కార్యవాహీ’ అంటే మామూలు పని జరిపే తీరు, ‘కారవాయీ’ అంటే చర్య. పోలీసు కేసు మాట ఉంటే అది కూడా ఉన్నదున్నట్టు రాయాలి, మహారాష్ట్రలో పరీక్షల అక్రమాల మీద 1982 నుంచే ప్రత్యేక చట్టం ఉంది.

అబ్బా, అమ్మీ చదువుకునేలా తెలుగు కాగితం సిద్ధమయ్యాక తేదీ, డబ్బు, శిక్ష ఉన్న ప్రతి వాక్యం కింద మరాఠీ వాక్యాన్ని కూడా ఉంచాలి. అర్థం తేలని చోట ఊహించి రాయకుండా, ఆ వాక్యానికి గీత పెట్టి కాలేజీ పరీక్షల విభాగంలో అడిగించాలి. సర్క్యులర్ నంబరు, తేదీ పైన రాయడం మరవొద్దు. కొన్నాళ్లకు ‘ముదత్‌వాఢ్’ అని గడువు పెంపు రావచ్చు, ‘శుద్ధిపత్రక్’ అని సవరణ రావచ్చు. గడువు పెంచింది ఆలస్య రుసుము లేని దశకా, రుసుముతో కట్టే దశకా అన్నది చూసి, ఆ ఒక్క తేదీనే తెలుగు కాగితంలో మార్చాలి.