పైపులకు బదులు బల్బులు

1950 ప్రాంతంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మాల్కం మెకిల్‌రాయ్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు ఊళ్ల నీటి సరఫరాను బల్బులతో లెక్కగట్టాడు. ఒక్కో పైపుకు ఒక్కో బల్బు. పైపులో ప్రవాహం రెట్టింపయితే నీటి ఒత్తిడి నష్టం రెట్టింపుతో ఆగదు, సుమారు మూడున్నర రెట్లు అవుతుంది. కరెంటుకూ వోల్టేజీకీ మధ్య సరిగ్గా అదే లెక్క కుదిరేలా ఫిలమెంటు బల్బులు తయారు చేయించి, వాటికి ఫ్లూయిస్టర్లని పేరు పెట్టాడు. ఏ బల్బు ఎక్కువ వెలిగితే ఆ పైపు దగ్గర నష్టం ఎక్కువన్నమాట.

ఈ ముచ్చట చదివాక నాకు వచ్చిన సందేహం ఒక్కటే: ఊరి పైపుల లెక్కకు ఇంత సరంజామా ఎందుకు? పైపులు చెట్టు కొమ్మల్లా చీలుతూ పోతే లెక్క సులువే. రెండు దారులు మళ్లీ కలిసి లూపు ఏర్పడితేనే చిక్కు. ఏ దారిలో ఎంత నీరు పోతుందో తెలిస్తే గాని నష్టం తెలియదు, నష్టం తెలిస్తే గాని నీటి వాటా తెలియదు. ఫ్రీమన్ అనే ఇంజినీరు 1892లోనే గ్రాఫులు గీసి దీన్ని సాధించబోయాడు. తర్వాత నలభై ఏళ్లు ఎవరి తంటాలు వాళ్లు పడ్డారు.

చిక్కు విప్పినవాడు నీళ్ల ఇంజినీరు కాడు, భవనాల ఇంజినీరు. హార్డీ క్రాస్. వర్జీనియావాడు, మొదట ఆంగ్ల సాహిత్యంలో డిగ్రీ చేశాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ 1930లో భవనాల ఫ్రేముల మీద పది పేజీల వ్యాసం రాశాడు. దాని మీద వచ్చిన చర్చ వంద పేజీలు దాటింది. ముందు ఒక ఉజ్జాయింపు వేసుకో, తప్పెంతో చూడు, దాన్ని సర్దు, మళ్లీ చూడు: ఆ వ్యాసంలోని కిటుకు ఇంతే. 1936లో అదే కిటుకును పైపులకూ విద్యుత్ తీగలకూ కలిపి ఒకే బులెటిన్‌గా అచ్చు వేశాడు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో రసవత్తరమైన ఘట్టం ఇదే.

చేసి చూద్దాం. ట్యాంకు దగ్గర అ అనే కూడలిలోకి సెకనుకు 100 లీటర్లు వస్తున్నాయి. ఆ అనే కూడలి వద్ద 30, ఇ అనే కూడలి వద్ద 70 లీటర్లు జనం వాడుకుంటారు. అ-ఆ, ఆ-ఇ, అ-ఇ మూడు పైపులు. నష్టం మీటర్లలో కావాలంటే ప్రవాహాన్ని వర్గం చేసి వరసగా 0.002, 0.004, 0.001తో గుణించాలి (అసలు ఘాతం 1.85, చేతి లెక్కకు 2 అనుకుందాం).

ముందు ఉజ్జాయింపు: అ-ఆలో 50, ఆ-ఇలో 20, అ-ఇలో 50. ప్రతి కూడలిలో రాక, పోక సరిపోయాయి. ఇక నష్టాలు: ఆ మీదుగా వెళితే 5 + 1.6 = 6.6 మీటర్లు, నేరుగా వెళితే 2.5. ఒకే చోటికి చేరే రెండు దారుల్లో నష్టం సమానం కావాలి గదా, 4.1 తేడా ఉంది. ఒక్కో పైపులో నష్టాన్ని ప్రవాహంతో భాగించి, అన్నీ కూడి, రెట్టింపు చేస్తే 0.46. 4.1ని 0.46తో భాగిస్తే దాదాపు 9. ఆ మీదుగా వెళ్లే దారిలో 9 తగ్గించి, నేరు దారిలో 9 పెంచాలి: 41, 11, 59. మళ్లీ చూస్తే తేడా 0.365 మీటర్లు, సవరణ దాదాపు 1. ఇప్పుడు 40, 10, 60. నష్టాలు 3.2 + 0.4 ఒకవైపు, 3.6 ఇంకోవైపు. తేడా లేదు.

ఊళ్లో లూపులు చాలా ఉంటాయి. రెండు లూపులకు ఉమ్మడి పైపు ఉంటే దానికి రెండు సవరణలూ పడతాయి, ఒకటి ఎదురు గుర్తుతో. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆ గుర్తు తప్పితే కూడలిలో రాక, పోక సరిపోవు. అదొక్కటి చూస్తే దొంగ దొరుకుతాడు. ఒక లూపును సర్దితే పక్క లూపు కాస్త చెదురుతుంది గనుక, పెద్ద ఊరికి చుట్టు మీద చుట్టు తిరగాలి.

1957లో హోగ్, వైన్‌బర్గ్ ఈ పద్ధతినే కంప్యూటరుకెక్కించి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊరి సరఫరాను లెక్కగట్టారు. దాంతో ఫ్లూయిస్టర్లకు గిరాకీ క్రమంగా తగ్గింది. తర్వాత అన్ని లూపులనూ ఒకేసారి సర్దే పద్ధతులు వచ్చాయి. 1993లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇచ్చిన ఎపానెట్ అనే ప్రోగ్రాము ఆ కోవదే. వేగం వచ్చింది, సంతోషమే. కానీ చేత్తో చేసినవాడికి ఏ లూపు మొండికేస్తోందో, ఏ పైపు సన్నమో రెండో చుట్టుకే తెలిసేది. ఇప్పుడు జవాబు వస్తుంది, ఆ తెలివిడి రాదు.

మన ఊళ్లలో ఇంకో తిరకాసు ఉంది. క్రాస్ లెక్కలో పైపులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, వాడకం ముందే ఖరారవుతుంది. రోజుకో గంట నీళ్లు వదిలే చోట గాలి తోసుకుంటూ పైపులు నిండడానికే కొంత సమయం పడుతుంది, ఎవరు ముందు కొళాయి తిప్పితే వాళ్లకు నీళ్లు. అలాంటి ఊరిని ఈ పద్ధతికి అప్పగిస్తే మిట్ట వీధిలో ప్రెషరు మైనస్‌లో చూపిస్తూనే, అక్కడి కొళాయికి పూర్తి వాటా నీళ్లు అందుతున్నట్టు రాసేస్తుంది.