న్యూజెర్సీ దుకాణంలో పని: తిట్లకు చట్టం లేదు, గంటలకు ఉంది

మన దేశీ కిరాణా కొట్లలో, స్వీట్ షాపుల్లో హెచ్ఆర్ అంటూ ఎవరూ ఉండరు. యజమానే మేనేజరు, చాలాచోట్ల ఆయన భార్యే లెక్కలు చూస్తారు. కస్టమర్ల ముందు తిట్టినా, సెలవు అడిగితే "రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నా ఎవరికి చెప్పుకోవాలో తెలియదు.

నోటి దురుసుతనం ఒక్కటే అయితే అమెరికాలో అది చట్టవిరుద్ధం కాదు. మతాన్నో, దేశాన్నో, ఆడమనిషి అనో, గర్భవతి అనో పట్టుకుని తిడితే మాత్రం న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టం వర్తిస్తుంది. ఒక్క ఉద్యోగి ఉన్న కొట్టుకైనా సరే. వారానికో రోజు సెలవు సంగతీ అంతే. హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లో దుకాణం పనివాళ్లకు వారంలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని చట్టం ఉంది, న్యూజెర్సీలో పెద్దవాళ్లకు లేదు.

అందుకే తిట్ల దగ్గర ఆగిపోకుండా గంటలు చూసుకోవాలి. ఒకామె గంటకు 16 డాలర్ల చొప్పున వారానికి ఆరు రోజులు, రోజుకు పది గంటలు చేస్తోందనుకుందాం. యజమాని వారానికి 960 డాలర్లు చేతికిస్తాడు. 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు, అంటే 24 డాలర్లు ఇవ్వాలి. 640కి 480 కలిపితే 1,120. వారానికి 160 తగ్గింది, ఆరు నెలలకు 4,160. నగదుగా ఇచ్చినా హక్కు పోదు. గల్లాపెట్టె దగ్గర నిలబెట్టి "నువ్వు మేనేజర్‌వి" అని పేరు పెట్టినంత మాత్రాన ఓవర్‌టైం ఎగ్గొట్టడానికి కుదరదు. ఆరేళ్ల వెనక్కి వెళ్లి బాకీ అడగవచ్చు.

సెలవులోనూ ఒక దారి ఉంది. పని చేసిన ప్రతి 30 గంటలకు ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవ్ జమవుతుంది, ఏడాదికి 40 గంటల వరకు. పైన చెప్పిన ఆమెకు ఇరవై వారాల్లో అది నిండిపోతుంది. చేరిన 120వ రోజు నుంచి వాడుకోవచ్చు. తనకు జ్వరం వచ్చినా, పిల్లలకు ఒంట్లో బాగాలేకపోయినా, స్కూల్లో టీచర్ రమ్మన్నా పనికొస్తుంది. "నీ బదులు మనిషిని తెచ్చి వెళ్లు" అనే హక్కు యజమానికి లేదు. మూడు రోజులు వరుసగా రాకపోతే కాగితం అడగవచ్చు. పెళ్లికీ, ఇండియా ప్రయాణానికీ మాత్రం ఇది కాదు.

రుజువు కోసం చిన్న నోట్‌బుక్ చాలు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేతికొచ్చిన డబ్బు ఏ రోజుకారోజు రాసుకోవాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే అంత నమ్మకం ఉండదు. గోడమీద షెడ్యూల్‌కు ఫొటో తీసుకోవాలి. సెలవు నోటితో కాక మెసేజ్‌లో అడగాలి, అప్పుడు తేదీ దానంతటదే ఉంటుంది.

ఫిర్యాదు రాష్ట్ర కార్మిక శాఖకు, myworkrights.nj.gov లో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, వలస హోదా అడ్డు కాదు. ఫిర్యాదు చేసిన 90 రోజుల్లోపు పనిలోంచి తీసేస్తే అది కక్షతో చేసిందేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే.