ఎఫ్‌ అండ్‌ ఓలో నష్టమొచ్చిందా? ఆడిట్‌ ఎప్పుడు తప్పదంటే..

ఫ్యూచర్స్‌, ఆప్షన్స్‌లో (ఎఫ్‌ అండ్‌ ఓ) డబ్బు పోగొట్టుకున్నవారిలో చాలామంది ఆ విషయాన్ని రిటర్నులో రాయరు. లాభం లేనప్పుడు పన్నెక్కడిదన్నది వారి లెక్క. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. అంటే ఈ నష్టం లెక్క దాదాపు ట్రేడర్లందరికీ అవసరమే.

గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీలో చేసే ఎఫ్‌ అండ్‌ ఓ లావాదేవీలు ఆదాయపన్ను చట్టం 43(5) ప్రకారం స్పెక్యులేషన్‌ కావు, మామూలు వ్యాపారమే. షేర్లు అమ్మినప్పుడు వచ్చే మూలధన లాభం కిందకూ ఇవి రావు. అందుకే జీతం మాత్రమే ఉన్నవారు వేసే ఐటీఆర్‌-1 కుదరదు, ఐటీఆర్‌-3 వేయాలి. షేర్లు ఉదయం కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడే మాత్రం స్పెక్యులేషనే. దాని లెక్క వేరుగా చూపాలి.

ఒక ఉదాహరణ

ఏలూరులో ఒక ప్రైవేటు ఉద్యోగి ఉన్నారనుకుందాం. 2024-25లో ఆయన జీతం రూ.7.20 లక్షలు, ఫిక్స్‌డ్‌ డిపాజిట్ల వడ్డీ రూ.60 వేలు. నిఫ్టీ ఆప్షన్స్‌లో లాభం వచ్చిన ట్రేడ్ల మొత్తం రూ.3.10 లక్షలు, నష్టం వచ్చినవి రూ.5.60 లక్షలు. నికర నష్టం రూ.2.50 లక్షలు. బ్రోకరేజీ, ఎస్‌టీటీ, ఇతర చార్జీలు రూ.30 వేలు. ఇవి వ్యాపార ఖర్చులే కాబట్టి కలపొచ్చు. మొత్తం నష్టం రూ.2.80 లక్షలు.

దీన్ని జీతంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. వడ్డీలోంచి తీసేయొచ్చు. అలా రూ.60 వేల వడ్డీపై పన్ను పోతుంది. మిగిలిన రూ.2.20 లక్షలను తర్వాతి ఎనిమిదేళ్లలో వచ్చే వ్యాపార లాభాలతో సర్దుకోవచ్చు. అయితే రిటర్ను గడువులోపే వేసి ఉండాలి. ఆలస్యంగా వేస్తే వడ్డీతో సర్దుబాటు నిలుస్తుంది గానీ ఆ రూ.2.20 లక్షలను ముందుకు తీసుకెళ్లే హక్కు పోతుంది. ఆ ఏడాది రిటర్నుల గడువును జులై 31 నుంచి సెప్టెంబరు 15కు, చివర్లో మరో రోజుకు పొడిగించారు. ఏటా అలా పొడిగిస్తారని కూర్చోవద్దు.

టర్నోవర్‌ ఎంత?

ఎక్కువ మంది కంగారుపడేది ఇక్కడే. 2025లో నిఫ్టీ లాటు 75 యూనిట్లుగా ఉండేది. సూచీ 24 వేల దగ్గర ఉంటే అప్పటి లాటు కాంట్రాక్టు విలువ రూ.18 లక్షలు. పది సార్లు కొని అమ్మితే కోట్లు దాటినట్టు కనిపిస్తుంది. కానీ ఆడిట్‌ కోసం చూసేది కాంట్రాక్టు విలువ కాదు. చార్టర్డ్‌ అకౌంటెంట్ల సంస్థ మార్గదర్శకాల ప్రకారం ప్రతి ట్రేడ్‌లో వచ్చిన లాభాన్నీ, నష్టాన్నీ మైనస్‌ గుర్తు తీసేసి కూడాలి. మన ఉద్యోగికి 3.10, 5.60 కలిపి రూ.8.70 లక్షలు. అంతే.

ఆడిట్‌ పరిమితి మామూలుగా రూ.కోటి. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే రూ.10 కోట్లు. ఎఫ్‌ అండ్‌ ఓ డబ్బంతా బ్యాంకు ద్వారానే నడుస్తుంది కాబట్టి, వేరే వ్యాపారం లేనివారికి రెండోదే వర్తిస్తుంది. నష్టం వచ్చిందన్న ఒక్క కారణంతో ఆడిట్‌ అక్కర్లేదు. ఈ ఉద్యోగికీ అక్కర్లేదు.

కానీ అంతకు ముందు ఏడాది ఆయనకు ట్రేడింగ్‌లో కాస్త లాభం వచ్చి, సులువుగా ఉందని 44ఏడీ కింద టర్నోవర్‌పై 6 శాతం చూపించి ఐటీఆర్‌-4 వేసి ఉంటే కథ మారుతుంది. ఆ దారి ఎంచుకున్నవారు తర్వాతి ఐదేళ్లూ అందులోనే ఉండాలి. మధ్యలో అంతకంటే తక్కువ లాభమో, నష్టమో చూపితే, మొత్తం ఆదాయం పన్ను లేని పరిమితిని దాటినప్పుడు ఆడిట్‌ తప్పదు. ఆ ఏడాది కొత్త విధానంలో పరిమితి రూ.3 లక్షలు, ఈయన జీతమే దాన్ని దాటింది. టర్నోవర్‌ రూ.8.70 లక్షలే అయినా సరే. ఆడిట్‌ చేయించకపోతే టర్నోవర్‌లో అర శాతం, అంటే రూ.4,350 వరకు జరిమానా పడొచ్చు. ఆడిటర్‌ ఫీజు అంతకంటే ఎక్కువే కావచ్చు గానీ, ఆ లెక్క చూసుకుని ఆడిట్‌ ఎగ్గొట్టడం తెలివైన పని కాదు.

కొల్లేరు చుట్టుపక్కల ఆక్వా రైతులు ఇక్కడ మరింత జాగ్రత్తపడాలి. చేపల చెరువు ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం. దాన్ని 44ఏడీ కింద చూపిస్తూ పక్కన ఆప్షన్స్‌లో నష్టపోతే, రెండూ కలిపి లాభం నిర్దేశిత శాతం కంటే తగ్గిపోవచ్చు. అప్పుడు ఆడిట్‌ అవసరమా కాదా అన్నదానిపై ఆడిటర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. తాడేపల్లిగూడెంలో మేత దుకాణం పెట్టుకుని ట్రేడింగ్‌ చేసేవారి పరిస్థితీ ఇదే. బ్రోకర్‌ ఇచ్చే ట్యాక్స్‌ పీ అండ్‌ ఎల్‌ స్టేట్‌మెంటుతో పాటు గత ఐదేళ్ల రిటర్నులు కూడా ఆడిటర్‌ ముందు పెట్టండి. 44ఏడీ ఎంచుకున్న సంవత్సరం వాటిలోనే దొరుకుతుంది.

2026 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26 వరకు ఆదాయానికి మాత్రం పైన చెప్పిన పాత నంబర్లే.