పరిశోధనా ఖాళీ ప్రకటన

పరిశోధనా ఖాళీ ప్రకటన అనగా సిద్ధాంత గ్రంథ ప్రతిపాదన ఉపోద్ఘాతంలో, పూర్వ పరిశోధనలు ఎంతవరకు తేల్చినవి, ఏది తేల్చలేకపోయినవి అని చెప్పే రెండు మూడు వాక్యాలు. దీనిని వాడుకలో రీసెర్చ్ గ్యాప్ అంటారు. జాన్ స్వేల్స్ 1990లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఉపోద్ఘాతం మూడు అడుగులలో సాగుతుంది: విషయరంగాన్ని పరిచయం చేయడం, అందులోని ఖాళీని చూపడం, ఆ ఖాళీని తాను ఎలా పూరిస్తాడో చెప్పడం. ఉదహరించిన అధ్యయనాలే రెండవ అడుగుకు ఆధారం.

నిర్మాణ విధానం

అధ్యయనాలను రచయితల వరుసలో కాక, అవి వాడిన పద్ధతిని బట్టి వర్గీకరించాలి. ఒక వర్గంలోని వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పరిమితియే ఖాళీ అవుతుంది. ఇది సారాంశం చదివితే తెలియదు. ప్రతి వ్యాసంలోను పద్ధతుల భాగాన్ని చదవవలసి ఉంటుంది.

ఉదాహరణ

పొగత్రాగడానికి, ఊపిరితిత్తుల క్యాన్సరుకు గల సంబంధంపై 1950లో అమెరికాలో విండర్, గ్రాహం, బ్రిటనులో డాల్, హిల్ అధ్యయనాలు ప్రచురించారు. రెండింటిలోను వ్యాధి వచ్చిన తరువాతనే రోగులను గతపు అలవాట్ల గురించి అడిగారు. కనుక జబ్బు వలన జ్ఞాపకం మారి ఉండవచ్చుననే ఆక్షేపణ రెండింటికీ వర్తిస్తుంది. అదే తరహా అధ్యయనం మరొకటి చేసినా ఈ ఆక్షేపణ తొలగదు. డాల్, హిల్ 1954 నాటి వ్యాసపు ఉపోద్ఘాతంలో ఈ తర్కాన్నే అనుసరించారు. వారు 1951లో బ్రిటిష్ వైద్యులకు ప్రశ్నావళి పంపి, సుమారు 40,000 మంది జవాబులు సేకరించి, తరువాత సంభవించిన మరణాలను గమనించారు.

ఇదే విషయాన్ని ప్రతిపాదనలో ఇలా వ్రాయవచ్చును: "ఇంతవరకు జరిగిన అధ్యయనాలు పొగకు, వ్యాధికి సంబంధాన్ని చూపినవి. అయితే అవన్నీ వ్యాధి సోకిన తరువాత సేకరించిన వివరాలపై ఆధారపడినవి. అందువలన ఆరోగ్యవంతుల అలవాట్లను ముందుగా నమోదు చేసి, వారిని కాలక్రమంలో గమనించవలసి ఉన్నది." ఇందులో మొదటి వాక్యం పూర్వుల ఫలితాన్ని అంగీకరిస్తుంది, రెండవది పరిమితిని చూపుతుంది, మూడవది దాని నుండే కొత్త పద్ధతిని రాబడుతుంది.

సాధారణ దోషాలు

"మా జిల్లాలో ఈ అధ్యయనం ఎవరూ చేయలేదు" అన్నంత మాత్రాన ఖాళీ కాదు. స్థలం మారితే ఫలితం ఎందుకు మారవచ్చునో చెప్పాలి. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచి పీల్చే అలవాటు ఉన్నది. వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అందుచేత అక్కడ విడిగా పరిశీలించడానికి కారణం ఉన్నది. ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థుల అంగిలిని పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడినది.

రెండవ దోషం, చూపిన ఖాళీకి, వ్రాసిన లక్ష్యాలకు పొంతన లేకపోవడం. జ్ఞాపకదోషాన్ని విమర్శించి, తిరిగి రోగులనే గతం అడుగుతానంటే ప్రతిపాదన నిలవదు. ఖాళీ వాక్యాన్ని, మొదటి లక్ష్యాన్ని పక్కపక్కన ఉంచి చదివితే ఈ దోషం బయటపడుతుంది.