నాలుగు మిల్లీమీటర్ల తీగ

1891లో ఎండాకాలం ముగిసే రోజుల్లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక జలపాతం దూకింది. అక్కడ కొండా లేదు, ఏరూ లేదు. అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన కోసం మైదానంలో కట్టిన జలపాతం అది. నీటిని పైకి తోడే పంపును వంద హార్స్‌పవర్ మోటారు తిప్పుతోంది. దానికి కరెంటు 175 కిలోమీటర్ల అవతల నెకార్ నది ఒడ్డునున్న లౌఫెన్ అనే ఊరి నుంచి వస్తోంది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో నది నీరు టర్బైన్‌ను తిప్పుతుంటే ఇక్కడ నీరు పైకెక్కి దూకుతోంది. మధ్యలో ఉన్నవి మూడు రాగి తీగలే. ఒక్కో తీగ మందం నాలుగు మిల్లీమీటర్లు.

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రంలో ట్రాన్స్‌ఫార్మర్ పాఠం చదివిన ప్రతి ఒక్కరికీ ఈ తీగను చూపించాలనిపిస్తుంది నాకు. ఆ పాఠం కింద అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ ఈ తీగ చుట్టూనే తిరుగుతాయి. ఒక్కొక్కటిగా చేద్దాం.

ముందు తీగ నిరోధం. రాగి నిరోధకత 1.72 × 10⁻⁸ ఓమ్-మీటరు. నాలుగు మిల్లీమీటర్ల తీగ అడ్డుకోత వైశాల్యం 12.6 చదరపు మిల్లీమీటర్లు. పొడవు 175 కిలోమీటర్లు. గుణించి భాగిస్తే ఒక్కో తీగ నిరోధం సుమారు 240 ఓమ్‌లు. నిరోధం తగ్గాలంటే తీగ లావు పెంచాలి. కానీ ఈ సన్నటి తీగలకే దాదాపు అరవై టన్నుల రాగి పట్టింది. అందుకని 240 ఓమ్‌లతోనే నెట్టుకు రావాలి.

లౌఫెన్‌లోని జనరేటర్‌ను చార్లెస్ బ్రౌన్ అనే ఇంజనీరు ఓర్లికాన్ కంపెనీ తరఫున తయారు చేశాడు. మూడు ఫేజులు, ఒక్కో ఫేజులో సుమారు 55 వోల్టులు, పూర్తి లోడు మోస్తే 1,400 ఆంపియర్లు. ఈ 55 వోల్టులను నేరుగా ఆ తీగకు కలిపితే ఏమవుతుంది? ‘నష్టం ఎక్కువ’ అని రాసి చాలామంది విద్యార్థులు ఊరుకుంటారు. నిజం అంతకన్నా ఘోరంగా ఉంటుంది. అవతలి కొసను షార్ట్ చేసినా 55ను 240తో భాగిస్తే పారేది 0.23 ఆంపియర్. 1,400 ఆంపియర్ల మాట అటుంచండి, పావు ఆంపియర్ కూడా ఆ తీగలో నడవదు. అవతలి లోడు నిరోధం తీగ నిరోధంతో సమానమైనప్పుడు లోడుకు గరిష్ఠ శక్తి అందుతుంది. అది V²/4R, అంటే ఫేజుకు 3.15 వాట్లు. మూడు ఫేజులూ కలిపితే పది వాట్లకు లోపే. నది మొత్తాన్ని టర్బైన్ మీదకు మళ్లించినా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్క బల్బు కూడా సరిగా వెలగదు.

అందుకే జనరేటర్ పక్కనే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. లైను వోల్టేజీ 15,000కు పెరిగింది. 150 కిలోవాట్లు పంపుతున్నామనుకుందాం. రెండు తీగల మధ్య 15,000 వోల్టులని తీసుకుని మూడు ఫేజుల లెక్కలో √3 వేస్తే తీగకు 5.8 ఆంపియర్లు వస్తాయి. ఒక్కో తీగలో వేడిగా పోయేది I²R, అంటే దాదాపు 8 కిలోవాట్లు. మూడింటిలో 24. పంపిన 150లో నష్టం 16 శాతం.

ఇక్కడే బాగా చదివే పిల్లలు కూడా జారే చోటు ఒకటుంది. ‘సార్, శక్తి నష్టం V²/R కూడా కదా. వోల్టేజీ పెంచితే నష్టం పెరగాలి కదా?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సూత్రంలో 15,000 పెట్టి 240తో భాగించి చూడండి. 9 లక్షల 37 వేల వాట్లు వస్తాయి. మనం పంపిందే లక్షన్నర వాట్లయితే తీగలో తొమ్మిది లక్షలు ఎలా పోతాయి? తప్పు సూత్రంలో లేదు, అందులో పెట్టిన V లో ఉంది. తీగ నష్టం కట్టేటప్పుడు V అంటే తీగ ఈ కొసకూ ఆ కొసకూ మధ్య తేడా మాత్రమే. 5.8 ఆంపియర్లు 240 ఓమ్‌లలో నడిస్తే ఆ తేడా దాదాపు 1,390 వోల్టులు. దాన్ని వర్గం చేసి 240తో భాగిస్తే మళ్లీ 8 కిలోవాట్లే. రెండు దారులూ ఒకే చోట కలుస్తాయి. మిగతా వోల్టేజీ అంతా తీగను దాటి అవతలి ట్రాన్స్‌ఫార్మర్‌కు అందుతుంది.

దీనికి తోబుట్టువులాంటి ప్రశ్న ఇంకొకటి: ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ పెరిగితే కరెంటు పెరగాలి, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎందుకు తగ్గుతోంది? ఓమ్ నియమం ఒకే నిరోధానికి వర్తిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, సెకండరీ రెండు వేర్వేరు వలయాలు. వాటిని కలిపేది మధ్యలోని ఇనుములో పెరిగి తరిగే అయస్కాంత అభివాహం. అది రెండు చుట్టలకూ ఒకటే కాబట్టి ప్రతి చుట్టుకూ సమాన వోల్టేజీ పుడుతుంది. చుట్లు ఎక్కువున్న వైపు వోల్టేజీ ఎక్కువ. వచ్చిన శక్తికి మించి ఇవ్వలేదు కనుక అదే వైపు కరెంటు తక్కువ. మరి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరో ఇంకో వంద దీపాలు వేశారని ప్రైమరీకి ఎలా తెలుస్తుంది? సెకండరీలో పెరిగిన కరెంటు అభివాహాన్ని కాస్త అణుస్తుంది. దాంతో ప్రైమరీలో ఎదురు నిలిచే ప్రేరిత వోల్టేజీ రవ్వంత తగ్గుతుంది. ఆ సందులోంచి ఎక్కువ కరెంటు లోపలికి వచ్చి అభివాహాన్ని మళ్లీ మొదటి స్థాయికి తెస్తుంది. ఈ పాఠం మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది.

ఆ ఎదురు నిలిచే వోల్టేజీ పుట్టాలంటే అభివాహం మారుతూ ఉండాలి. 1831లో ఫారడే ఇనుప ఉంగరానికి రెండు తీగచుట్టలు చుట్టి బ్యాటరీ కలిపినప్పుడు రెండో చుట్టకు తగిలించిన సూది కలిపిన క్షణంలోనూ విడదీసిన క్షణంలోనూ మాత్రమే కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా ఉన్నంతసేపూ కదలలేదు. ప్రైమరీకి డీసీ ఇస్తే జరిగేదీ అదే. సెకండరీలో ఏమీ రాదు. ప్రైమరీలో అడ్డు నిలిచేది తీగ నిరోధం ఒక్కటే. అది చాలా తక్కువ కనుక చుట్ట కాలిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శన వెనుక నిలిచిన ఆస్కార్ ఫాన్ మిల్లర్‌కు డీసీ కష్టం స్వయంగా తెలుసు. 1882లో ఆయన, ఫ్రెంచి ఇంజనీరు మార్సెల్ దెప్రే కలిసి మీస్‌బాఖ్ నుంచి మ్యూనిక్‌కు 57 కిలోమీటర్లు టెలిగ్రాఫ్ తీగల మీద డీసీ పంపారు. అప్పుడూ ఒక చిన్న జలపాతాన్ని నడిపారు. కానీ అవతలికి చేరింది పెట్టిన శక్తిలో దాదాపు నాలుగో వంతే. తొమ్మిదేళ్ల తర్వాత మూడు రెట్ల దూరంలో, స్విట్జర్లాండ్ ప్రొఫెసర్ వెబర్ ఆధ్వర్యంలోని పరీక్షా సంఘం కొలిస్తే నాలుగింట మూడు వంతులు చేరింది.

మిగతా నాలుగో వంతు ఎటు పోయింది? పెద్ద భాగం తీగలోనే వేడైంది. మిగిలింది జనరేటర్‌లోనూ రెండు కొసల్లోని ట్రాన్స్‌ఫార్మర్లలోనూ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి నష్టాలు రెండు జాతులవి. రాగిలో పోయేది కరెంటు వర్గంతో పెరుగుతుంది, లోడు తీస్తే దాదాపు సున్నా. ఇనుములో పోయేది అలా కాదు. లోడు ఉన్నా లేకపోయినా, ఊరంతా నిద్రపోతున్నా, ప్రైమరీకి కరెంటు ఉన్నంతసేపూ ఒకేలా సాగుతుంది. అభివాహం అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ ఇనుములోని అయస్కాంతత్వం వెనకబడుతూ కొంత శక్తిని తింటుంది. దాన్ని శైథిల్య నష్టం అంటారు. అదీగాక ఇనుము కూడా వాహకమే కాబట్టి మారే అభివాహం దానిలోనే గుండ్రంగా సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది. కోర్‌ను ముద్ద ఇనుముతో చేస్తే ఈ సుడులు పెద్దవై అది ఎర్రగా కాగుతుంది. పల్చటి రేకులుగా చేసి, ఒకదానికొకటి కరెంటు అంటకుండా పూత పూసి పేరిస్తే సుడికి తిరగడానికి చోటుండదు. సుడి నష్టం రేకు మందం వర్గంతో మారుతుంది. రేకు సగం పల్చనైతే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ ఫ్యాక్టరీలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, దేరి అనే ముగ్గురు ఇంజనీర్లు ఇనుమును ఎక్కడా తెగని వలయంగా మూసేసి, దీపాలన్నిటినీ సమాంతరంగా కలిపే పద్ధతి చూపించారు. ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే పేరు కూడా వారితోనే వాడుకలోకి వచ్చింది.

ఈ రెండు జాతుల నష్టాలను మన ఊళ్లలోనే గుర్తుపట్టవచ్చు. రాత్రిపూట పొలం గట్టున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే మోటార్లన్నీ ఆగి ఉన్నా ‘గుయ్’మనే మోత వినిపిస్తుంది. ఇనుప రేకులు అభివాహంతో పాటు సెకనుకు వందసార్లు సాగి ముడుచుకునే చప్పుడది. లోడు లేకపోయినా ఇనుము పని చేస్తూనే ఉందనడానికి ఆ మోతే గుర్తు. నాట్ల కాలంలో సంగతి వేరు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో 433 వోల్టుల వైపు పూర్తి కరెంటు 33 ఆంపియర్లు. దానికి ఇంకో రెండు మోటార్లు తగిలించి 42 ఆంపియర్లు లాగితే లోడు పెరిగింది పాతిక శాతమే. రాగిలో వేడి మాత్రం 60 శాతం దాకా పెరుగుతుంది. నూనె కాగుతుంది, తీగ మీది కాగితం నల్లబడి పెళుసవుతుంది, ఒకరోజు రెండు చుట్లు అంటుకుని కాయిల్ కాలిపోతుంది. రైతు నారుమడి ఎండుతుంటే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురుచూడాలి.

ఆ నూనె కూడా లౌఫెన్ కథలోదే. 15,000 వోల్టులకు గాలి, గుడ్డ, లక్క చాలవని బ్రౌన్ తన ట్రాన్స్‌ఫార్మర్‌ను నూనెలో ముంచాడు. నూనె కరెంటును ఆపుతుంది, వేడిని బయటి గోడలకు మోస్తుంది. స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లలోనూ నూనె పోసే గాడులు పెట్టారు. వర్షం తడి పాకి వచ్చి స్తంభంలోకి కరెంటు జారకుండా ఆ నూనె అడ్డుపడుతుంది. వోల్టేజీని ఎంతవరకైనా పెంచవచ్చు కదా అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ప్రదర్శన సమయంలోనే 25,000 వోల్టులతోనూ పరీక్షించారు. అదే 150 కిలోవాట్లకు ఆ వోల్టేజీతో లెక్కిస్తే తీగలో నష్టం 24 నుంచి 9 కిలోవాట్లకు లోపుగా దిగుతుంది. రాగి ఎప్పుడూ ‘ఇంకా పెంచు’ అంటుంది. ‘చాలు’ అనేది పింగాణీ, నూనె.

అక్టోబరులో ప్రదర్శన ముగిసింది. ఫ్రాంక్‌ఫర్ట్ మైదానంలో జలపాతం ఆగిపోయింది. లౌఫెన్‌లో టర్బైన్ మాత్రం ఆగలేదు. 1892 నుంచి ఆ కరెంటు పక్కనున్న హైల్‌బ్రాన్ పట్టణానికి వెళ్లింది. ఈసారి అది వెలిగించింది వీధులనూ, ఇళ్లనూ.